చివరి తేదీ చెప్పాలి, గుండెలు అదరకూడదు

ప్రశ్న: మాది పల్నాడులో ఒక చిన్న పట్నం. నేను ఆరోగ్య బీమా ఏజెంటుని. మా బజారు దుకాణాల వాళ్ళు ఒకరిని చూసి ఒకరు జనవరి ఒకటి నుంచే పాలసీలు తీసుకోవడంతో, నా దగ్గరున్న వాటిలో సగానికి పైగా డిసెంబరు 31తోనే ముగుస్తాయి. రెండేళ్ళ క్రితం ‘వీలు చూసుకుని రెన్యువల్ చేయించుకోండి’ అని మర్యాదగా మెసేజి పెట్టాను. ఒకాయన ‘ఇంకా నెల గ్రేస్ ఉందిగా’ అని ఊరుకున్నాడు. జనవరి 6న గుండెనొప్పితో గుంటూరు తీసుకెళ్ళారు. క్లెయిం రాలేదు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. పోయినేడాది మా ఆఫీసు సారు రాసిచ్చిన మెసేజి పంపాను: ‘ఆఖరి అవకాశం! రేపు మీ ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యులెవరు? వెంటనే ఈ లింకు నొక్కి కట్టండి.’ ఒక పెద్దావిడ రాత్రికి రాత్రి గొలుసు తాకట్టు పెట్టి కట్టింది. వాళ్ళబ్బాయి నన్ను దులిపేశాడు. ఇంకొందరు మోసగాళ్ళ మెసేజి అనుకుని నన్ను బ్లాక్ చేశారు. భయపెట్టకపోతే ఎవరూ కట్టరని సారు అంటారు. భయపెట్టడం నాకు చేతకాదు. ఊరుకుంటే ఇంకో జనవరి 6 వస్తుందేమోనని నిద్ర పట్టదు. ఈ డిసెంబరుకి ఏమని రాయను?

జవాబు: అమ్మా, మీరు ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా రాశానని అనుకుంటున్నారు గానీ, నాకు ఆ రెండు మెసేజిల్లోనూ ఒకటే కొరత కనిపిస్తోంది. డిసెంబరు 31 రాత్రి ఏది ఆగిపోతుంది, ఏది ఆగిపోదు అన్న ముక్క రెండింట్లోనూ లేదు. అది తెలియని మనిషి మర్యాదగా చెబితే వాయిదా వేస్తాడు, గట్టిగా చెబితే కంగారు పడతాడు. కాబట్టి గొంతు ఎంత పెంచాలన్నది పక్కన పెట్టి, ముందు ఆ ముక్క తేల్చుకుందాం.

ఏడాదికి ఒకేసారి ప్రీమియం కట్టే ఆరోగ్య పాలసీకి గడువులు రెండు. మొదటిది డిసెంబరు 31 అర్ధరాత్రి. అప్పటితో కవర్ ఆగుతుంది. డబ్బు ముందు అందితేనే బీమా కంపెనీ పూచీ మొదలవుతుందని 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షను చెబుతుంది. అంటే జనవరి 1 నుంచి మళ్ళీ ప్రీమియం కంపెనీకి చేరేదాకా జరిగే ఆసుపత్రి ఖర్చుకి కంపెనీ బాధ్యత లేదు. రెండో గడువు గ్రేస్ పీరియడ్ ముగిసే రోజు. ఏడాది ప్రీమియం పాలసీకి 30 రోజులు, అంటే సుమారుగా జనవరి 30. ఆ లోపల కడితే పాలసీ తెగిపోయినట్టు లెక్కించరు. కొన్ని జబ్బులకి క్లెయిం రావాలంటే ముందు ఆగాల్సిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్ అంటారు. ఇన్నేళ్ళుగా పూర్తి చేసుకున్న ఆ వెయిటింగ్, పోగైన బోనస్ నిలబడతాయి. అది కూడా దాటితే పాత పాలసీ పోయినట్టే. మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి.

మీ సారు రాసిన మెసేజి ఈ రెండో నష్టాన్ని లాక్కొచ్చి 31వ తేదీ మీద పెట్టింది. ఆ రాత్రితో సర్వం పోతుందన్నట్టు చదివినవాళ్ళకి అనిపించింది. మీ మర్యాద మెసేజి మొదటి నష్టం ఊసే ఎత్తలేదు. దాంతో చదివినవాళ్ళ కళ్ళకి గ్రేస్ ఒక్కటే మిగిలింది.

జనవరి 6 నాటి ఆయన ఎందుకు అలా అనుకున్నాడో నేను ఊహించగలను. మన ఊళ్ళలో బీమా అంటే ముందు జీవిత బీమానే. ఎల్ఐసీ పాలసీలో గ్రేస్ రోజుల్లో మనిషి పోతే, కట్టాల్సిన ప్రీమియం మినహాయించుకుని క్లెయిం ఇస్తారు. అక్కడ గ్రేస్‌లో కూడా కవర్ నడుస్తూనే ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ళుగా ఇంట్లో ఆ మాట వింటున్నవాళ్ళు ఆరోగ్య బీమా గ్రేస్ కూడా అలాంటిదేననుకుంటారు. అది వాళ్ళ నిర్లక్ష్యం కాదు, మీ మర్యాద చేసిన తప్పూ కాదు. ఒకే పేరుతో రెండు వేర్వేరు ఏర్పాట్లున్నాయి, ఆ తేడా ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీ మెసేజిలో మరేమీ లేకపోయినా ఫరవాలేదు గానీ ఈ తేడా ఒక వాక్యంలో ఉండాలి.

నెలవారీగా గానీ మూడు నెలలకోసారి గానీ వాయిదాల్లో కట్టే ఆరోగ్య పాలసీల దారి మళ్ళీ వేరు. పాలసీ ఏడాది నడుస్తుండగా ఒక వాయిదా ఆలస్యమైతే, దాని గ్రేస్ రోజుల్లో కవర్ ఉంటుంది. నెలవారీ వాయిదాకి ఆ గ్రేస్ 15 రోజులే. మీ జాబితాలో ఇలాంటివాళ్ళుంటే వాళ్ళని విడదీసి వేరే మెసేజి పెట్టండి. అందరికీ ఒకే మెసేజి పంపితే ఎవరో ఒకరికి అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు ఒక మనిషిని పెట్టుకుని లెక్క చూద్దాం. మీ బజారులోనే బట్టల కొట్టు నడిపే 58 ఏళ్ళ ఆయన అనుకోండి. షుగరు ఉంది, పాలసీ తీసుకునేటప్పుడే రాయించాడు. 2024 జనవరి 1న మొదలైన పాలసీ. ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ళ వెయిటింగ్. 2026 డిసెంబరు 31తో ఆ మూడేళ్ళు నిండుతాయి. అంటే ఇన్నాళ్ళు కట్టినదానికి అసలు ఫలితం అందేది ఈ రెన్యువల్‌తోనే.

ఆయన డిసెంబరు 28న కట్టాడనుకుందాం. జనవరి 1 నుంచి షుగరు మూలంగా కాలికి పుండు పడి ఆసుపత్రిలో చేరినా, పాలసీ షరతుల మేరకు ఖర్చు వస్తుంది. అదే డబ్బు జనవరి 12న కడితే ఆ మూడేళ్ళ లెక్క అలాగే ఉంటుంది, ఎక్కడికీ పోదు. కానీ జనవరి 1 నుంచి కట్టేదాకా మధ్యలో ఉన్న రోజులు ఖాళీ. ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఆయనదే. ఆ రోజుల్లో కొత్తగా బయటపడ్డ జబ్బు మీద తర్వాత క్లెయిం పెడితే కంపెనీ ప్రశ్నలు కూడా వేయవచ్చు. ఇక ఫిబ్రవరి 3న కట్టబోతే అది రెన్యువల్ కాదు, కొత్త పాలసీ. కంపెనీ వైద్య పరీక్షలు అడగవచ్చు, ఆయన ఆరోగ్యం చూసి ఇవ్వననీ చెప్పవచ్చు. ఇచ్చినా మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప మిగతావాటికి కవర్ రాదు. షుగరుకి వెయిటింగ్ మళ్ళీ మొదటి నుంచి. 58 ఏళ్ళ వయసులో నిండిన మూడేళ్ళు, 61 వచ్చాక మళ్ళీ నిండుతాయన్నమాట.

ఈ లెక్క చదువుతుంటే మీకు భయం వేసిందా? నాకైతే వేయలేదు. తొందర మాత్రం పుట్టింది. ‘ఏమైనా అయితే’ అన్న మాట మనసులోకి రాగానే మనిషి తన ఇంట్లోవాళ్ళ చావు ఊహించుకుంటాడు. ‘మీ మూడేళ్ళ వెయిటింగ్ ఈ నెలాఖరుకి నిండుతోంది’ అంటే తను ఇప్పటికే సంపాదించుకున్నది గుర్తొస్తుంది. రెండో మాట ఎక్కువమందిని కదిలిస్తుందని నేను ఈ రంగంలో ఉన్నన్నాళ్ళూ చూశాను. మీ దగ్గర ప్రతి పాలసీ మొదలైన తేదీ ఉంటుంది కాబట్టి, ఎవరికి ఏ ఏడు నిండుతోందో చూసి రాయడం కష్టమేమీ కాదు. అయిదేళ్ళు నిండేవాళ్ళకి ఇంకో మాట చెప్పవచ్చు. వరసగా 60 నెలలు నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, మొదట్లో ఫలానాది చెప్పలేదన్న కారణం చూపి క్లెయిం తోసిపుచ్చడానికి వీల్లేదు.

దీనితో పాటు జనం మోసుకు తిరిగే అనవసరపు భయాలు రెండున్నాయి. వాటి వల్లే కొందరు మీ ఫోను ఎత్తరు. పోయినేడాది క్లెయిం తీసుకున్నవాళ్ళు ‘ఈసారి మాకు రెన్యువల్ ఇవ్వరేమో’ అనుకుంటారు. ఈ ఏడాది కొత్తగా బీపీ బయటపడ్డవాళ్ళు ‘మళ్ళీ పరీక్షలు చేయిస్తారు, పోనీలే’ అనుకుంటారు. క్లెయిం తీసుకున్నారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. మోసమో, దాచిపెట్టడమో రుజువైతే తప్ప. సమ్ ఇన్సూర్డ్, అంటే బీమా మొత్తం, పెంచమని అడగనంత వరకు రెన్యువల్‌కి కొత్తగా ఆరోగ్యం తూకం వేయడమూ ఉండదు. ఇలాంటివాళ్ళకి మెసేజి చాలదు. ఒక ఫోను చేసి ఈ రెండు మాటలు చెప్పండి. భయపెట్టి కట్టించడం కన్నా భయం తీసి కట్టించడం మీ స్వభావానికి సరిపోయే పని కూడా.

ఇప్పుడు మీ ముందున్న దారులు. సారు మెసేజినే మళ్ళీ పంపవచ్చు. కొందరు కడతారు, ఆ మాట నిజమే. కానీ బెదిరింపు, ‘వెంటనే’ అన్న తొందర, తెలియని లింకు మూడూ కలిస్తే అది అచ్చం మోసగాళ్ళ మెసేజిలా ఉంటుంది. మిమ్మల్ని బ్లాక్ చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు, బ్యాంకులూ పోలీసులూ ఇన్నాళ్ళుగా చెబుతున్నదే చేశారు. పైగా ఈ ఏడాది మీ మెసేజిలో లింకు నొక్కడం అలవాటైన పెద్దావిడ, వచ్చే ఏడాది ఇంకెవరో మీ పేరుతో పంపిన లింకు కూడా నొక్కుతుంది.

రెండో దారి చాలామంది ఏజెంట్లు పట్టేదే. ఆఖరు తేదీ 24 అని చెప్పి కట్టించేయడం. ఒక ఏడాది పనిచేస్తుంది. ఎవరో ఒకరు 30న కట్టి ఏమీ కాలేదని బజారంతా చెప్పాక, మీరు చెప్పిన ఏ తేదీకీ విలువ ఉండదు. నిజమైన 31 కూడా ఎవరూ నమ్మరు.

మూడో దారి, అసలు తేదీ చెప్పి, దానికన్నా ముందు కట్టమనడానికి అసలు కారణం కూడా చెప్పడం. ఈ డిసెంబరులో ఆ కారణం మీకు క్యాలెండరే ఇస్తోంది. 25 శుక్రవారం క్రిస్మస్, 26 నాలుగో శనివారం, 27 ఆదివారం. బ్యాంకులు వరసగా మూడు రోజులు మూత. ఆ తర్వాత మిగిలేవి సోమ, మంగళ, బుధ, గురువారాలు. చెక్కు ఇచ్చే అలవాటున్నవాళ్ళకి 22 మంగళవారమన్నా చెప్పాలి, లేకపోతే చెక్కు తిరిగొస్తే సరిచేసుకునే వ్యవధి ఉండదు. ఫోనులో కట్టేవాళ్ళకి 28 సోమవారం చెప్పండి. 31 రాత్రి పదకొండింటికి కడుతుంటే పేమెంట్ పెండింగ్‌లో పడి, తెల్లారాక డబ్బు వెనక్కొచ్చిందంటే అప్పటికి కవర్ ఆగిపోయి ఉంటుంది. ఆ మాట అలాగే చెప్పండి, ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఆటోపే పెట్టుకున్నవాళ్ళని మీరు జాబితాలోంచి తీసేసి ఉంటారు. మళ్ళీ చేర్చండి. ఆటోపేకి అనుమతి ఇచ్చేటప్పుడు ఒక గరిష్ఠ మొత్తం పెడతారు. వయసు స్లాబు మారి ప్రీమియం ఆ మొత్తాన్ని దాటితే డబ్బు కట్ కాదు. ‘దానంతట అదే పోతుందిలే’ అనుకుని వాళ్ళు చూసుకోరు. పిల్లలు అమెరికాలో ఉండి కట్టేవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. వాళ్ళకి గడువు భారత కాలమానంలో రాయండి. మనకి 31 అర్ధరాత్రి అయ్యేసరికి డల్లాస్‌లో ఇంకా 31 మధ్యాహ్నం పన్నెండున్నర. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కడదామనుకున్న అబ్బాయికి గడువు దాటిపోతుంది. పిల్లలకి మెసేజి పెట్టే ముందు పెద్దవాళ్ళని అడిగి పెట్టండి. ఎంత ఏజెంటయినా వాళ్ళ పాలసీ సంగతి వాళ్ళ సొంత సంగతి.

ఇక మెసేజి. నేనైతే డిసెంబరు మొదటి వారంలో ఇలా పెడతాను:

‘____ గారూ, నమస్కారం. నేను మీ ఆరోగ్య బీమా ఏజెంటు ____ని. మీ పాలసీ (చివరి నాలుగు అంకెలు ____) డిసెంబరు 31 గురువారం అర్ధరాత్రితో ముగుస్తుంది. ఈ ఏడాది కట్టాల్సింది రూ.26,400. పోయినేడాది రూ.24,600. ఈ రెన్యువల్‌తో మీ షుగరు వెయిటింగ్ మూడేళ్ళూ నిండుతాయి. 25, 26, 27 తేదీల్లో బ్యాంకులు ఉండవు కాబట్టి 28 సోమవారంలోగా కడితే, ఏదైనా తేడా వచ్చినా సరిచేయించడానికి టైము ఉంటుంది. 31 దాటితే మళ్ళీ కట్టేదాకా ఆసుపత్రి ఖర్చు రాదు. జనవరి 30లోగా కడితే వెయిటింగ్ లెక్క మాత్రం పోదు. డబ్బు కంపెనీ యాప్‌లో గానీ ఆఫీసులో గానీ కట్టండి, నా సొంత నంబరుకి పంపవద్దు. ఈ మెసేజి నిజమో కాదో అనుమానం ఉంటే మీ పాత పాలసీ కాగితం మీదున్న నంబరుకి ఫోను చేసి కనుక్కోండి.’

ఇందులో లింకు లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ఈ ఏడాది మొత్తం పక్కన పోయినేడాది మొత్తం ఎందుకు పెట్టానంటే, ఎక్కువమంది ఆగేది అక్కడే. పెరిగిందని చూసి, కోపమొచ్చి పక్కన పడేస్తారు. ముందే చెప్పి ఎందుకు పెరిగిందో కూడా చెబితే ఆ కోపం డిసెంబరు 5నే తీరిపోతుంది, 30 దాకా ఉండదు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేశారు కాబట్టి పెరిగింది పన్ను కాదు, ప్రీమియమే. అరవై దాటినవాళ్ళకి ఏడాదిలో 10 శాతం కన్నా ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలన్న నిబంధన 2025 జనవరి నుంచి ఉంది. అంతకు మించి పెరిగినట్టు కనిపిస్తే ‘కట్టేయండి’ అని సర్ది చెప్పకండి, మీరే ఆఫీసులో అడగండి. జనవరి 30 అని నేను రాసిన చోట మాత్రం ఒక్కొక్కరి రెన్యువల్ నోటీసులో ఉన్న తేదీ చూసుకుని రాయండి.

రెండో మెసేజి 20 ప్రాంతంలో, ఇంకా కట్టనివాళ్ళకే. రెండు వాక్యాలు చాలు: తేదీ, మొత్తం. కట్టినవాళ్ళకి మళ్ళీ పంపితే ‘కట్టింది అందలేదా ఏంటి’ అని వాళ్ళు కంగారు పడతారు. ఆ పొరపాటు జరగకుండా ఉండాలంటే పంపే ముందు రోజు కంపెనీ జాబితా చూసుకోవాలి. 29న మిగిలినవాళ్ళకి మెసేజి వద్దు, ఫోను చేయండి. ఫోనులో మొదటి మాటగా ‘డబ్బుకి ఇబ్బందిగా ఉందా?’ అని అడగండి. అప్పటిదాకా ఆగినవాళ్ళలో మరిచిపోయినవాళ్ళ కన్నా డబ్బు సర్దుబాటు కానివాళ్ళే ఎక్కువ ఉంటారు. వడ్ల డబ్బు ఖాతాలో పడి ఉండదు, లేదా పిల్లాడి ఫీజు కట్టి ఉంటారు.

గొలుసు తాకట్టు పెట్టిన పెద్దావిడకి ఆ రాత్రి వేరే దారులున్నాయని తెలియదు. ఆమెకి నాలుగు మాటలు తెలిసి ఉంటే తాకట్టు పెట్టాలో లేదో తనే తేల్చుకునేది. పాలసీలో వాయిదాల సౌకర్యం ఉంటే మొదటి వాయిదా ఒక్కటి కట్టి కవర్ నిలబెట్టుకోవచ్చు. ఏడాది మొత్తం కలిపితే కొంచెం ఎక్కువ పడవచ్చు, ప్రతి వాయిదా తేదీ గుర్తుపెట్టుకోవాలి. సమ్ ఇన్సూర్డ్ పది లక్షల నుంచి అయిదు లక్షలకి తగ్గించుకుని రెన్యువల్ చేసుకోవచ్చు. ప్రీమియం తగ్గుతుంది. అయితే ఎప్పుడైనా మళ్ళీ పది లక్షలకి పెంచాలంటే పెంచిన అయిదు లక్షల మీద వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది, కంపెనీ ఒప్పుకోవాలి కూడా. ఉద్యోగంలో చేరి కంపెనీ బీమా వచ్చిన కొడుకు పేరు తీసేయవచ్చు. కానీ ఆ ఉద్యోగం మానేసిన రోజున అతనికి ఏమీ ఉండదు. ఇవేవీ కుదరకపోతే జనవరిలో డబ్బు అందాక కట్టవచ్చు, మధ్య రోజులు ఖాళీ అని తెలిసే ఆ పని చేస్తారు. అందరికంటే పెద్ద వయసువాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు ఆ ఖాళీని భరించలేరని నా అభిప్రాయం. వాళ్ళకి నేనైతే తగ్గించయినా 31లోపే కట్టమంటాను. ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడు పది రోజులు ఆగుతానంటే, ఎందుకు వద్దో చెప్పి ఊరుకుంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. డిసెంబరు చివర్లో టార్గెట్ ఒత్తిడిలో ‘లోటు నా కమిషన్‌లోంచి పూడుస్తాలే’ అనాలనిపిస్తుంది. అనకండి. బీమా చట్టం 41వ సెక్షను అలాంటి రాయితీని నిషేధిస్తుంది. ఎవరైనా మీ చేతికి డబ్బిస్తే 24 గంటల్లో, సెలవులు మినహాయించి, పూర్తి మొత్తం కంపెనీకి చేర్చే బాధ్యత మీది. 31 సాయంత్రం ఎవరో ఇచ్చిన నోట్ల కట్ట మీ సంచిలో ఉండగా ఆ రాత్రి గుండెనొప్పి వస్తే, మళ్ళీ అదే ఇంటి ముందు మీరు నిలబడాల్సి వస్తుంది. 30 తర్వాత నగదు ముట్టుకోకండి. ఆఫీసుకి తీసుకెళ్ళి కట్టించండి, లేదా వాళ్ళ ఫోనులోనే పక్కన కూర్చుని కట్టించండి.

సారు సంగతి. ఆయనతో వాదించడం వల్ల లాభం లేదు. ఆయనకి అంకెలు కావాలి. కుదిరితే మీ జాబితాని రెండుగా చేయండి. ఆయన పట్టుపడితే సగం మందికి ఆయన మెసేజి, సగం మందికి మీది పంపి, 20వ తేదీకి ఏ సగంలో ఎంతమంది కట్టారో, ఎంతమంది బ్లాక్ చేశారో ఆయన ముందు పెట్టవచ్చు. ఇందులో చిక్కేమిటంటే ఆ సగం మందిలో మళ్ళీ ఒక పెద్దావిడ ఉండవచ్చు. అది మీకు ఇష్టం లేకపోతే అరవై దాటినవాళ్ళందరినీ మీ సగంలో ఉంచుకోండి. పోలిక అంత కచ్చితంగా రాదు, అయినా ఆయనకి చూపించడానికి చాలు. లేదంటే కంపెనీ పంపే రెన్యువల్ నోటీసు ఎలాగూ వాళ్ళకి అందుతుంది కాబట్టి, ‘నోటీసు వెళ్ళింది సార్, వివరాలు నేను చెబుతున్నా’ అని మీ మెసేజి ఒక్కటే పంపవచ్చు. ఆయన చిరాకు పడతారు, జనవరి లెక్క చూశాక తగ్గుతారు. రెన్యువల్స్ పడిపోతే మాత్రం ఆ మాట మీరే పడాలి, అది తెలుసుకుని దిగండి.

జనవరి 2న ఇంకో మెసేజి పెట్టాలి. చాలామంది ఏజెంట్లు అక్కడ మానేస్తారు, గడువు దాటింది కదా అని. నిజానికి చివరి తేదీ దాటినవాళ్ళే సిగ్గుపడి దాక్కుంటారు, అంతా పోయిందనుకుని వదిలేస్తారు. వాళ్ళకి ఇలా రాయండి: ‘____ గారూ, మీ పాలసీ 31తో ముగిసింది. ఇప్పుడు ఆసుపత్రి ఖర్చుకి కవర్ లేదు. కానీ మీ పాత లెక్క పోలేదు. జనవరి 30లోగా కడితే వెయిటింగ్ కొనసాగుతుంది, కట్టినప్పటి నుంచి కవర్ మళ్ళీ మొదలవుతుంది. సంక్రాంతి సెలవులు మధ్యలో ఉన్నాయి, అంతకు ముందే చూసుకుంటే మంచిది. ఈ మధ్యలో ఎవరైనా ఆసుపత్రిలో చేరి ఉంటే కట్టేటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పండి.’

ఆ చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది, తీయకండి. మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరి, ఆ సంగతి చెప్పకుండా కట్టి, ఫిబ్రవరిలో అదే జబ్బుకి క్లెయిం పెడితే, పాత డిశ్చార్జి కాగితం తేదీతో సహా బయటికొస్తుంది. అప్పుడు ఆ ఒక్క క్లెయిమే కాదు, పాలసీయే చిక్కుల్లో పడుతుంది.